సగం మాత్ర వేసుకుంటే ప్రమాదమూ సగమేనా?

"సగమే కదా వేసుకుంది, ఏం కాదులే." "నిన్న అదే ప్యాకెట్‌లోది వేసుకున్నా, ఏమీ కాలేదు." ఈ రెండు మాటలు విన్న ప్రతిసారీ నాకు గుండె ఝల్లుమంటుంది. ఫార్మసీలో ఇచ్చిన మాత్రకైతే ఆ లెక్క సరిపోతుంది. ఫెంటానిల్ అనే చాలా బలమైన నొప్పి మందు కలిపిన నకిలీ మాత్రకి సరిపోదు. ఎందుకో చూద్దాం.

(తెర మీద: ఇసుక కుప్ప, దోసెడు ఎర్ర పూసలు)

ఈ ఇసుకలో ఈ పూసలు పోసి పారతో నాలుగుసార్లు తిరగేశాం అనుకోండి. ఇప్పుడు గ్లాసుతో ముంచి వరసగా పెడుతూ పోదాం. ఒక గ్లాసులో మూడు పూసలు వస్తాయి, ఒకదాంట్లో అసలు రావు, ఇంకోదాంట్లో ముప్ఫై పడతాయి. పైనుంచి చూస్తే అన్నీ ఇసుక గ్లాసులే.

నకిలీ మాత్రల తయారీ అచ్చం ఇలాగే ఉంటుంది. ఇసుక అంటే మాత్రకి బరువునిచ్చే పొడి, పూసలు ఫెంటానిల్. అసలు కంపెనీలో మందు ప్రతి మాత్రలోనూ సమానంగా పడిందా లేదా అని బ్యాచ్ నుంచి కొన్ని తీసి పరీక్షిస్తారు. దొంగతనంగా చేసేచోట ఆ పరీక్ష ఉండదు, అచ్చు మాత్రం అసలు దానిలాగే పడుతుంది. అమెరికాలో ఎక్కువగా దొరికే నకిలీ చూడండి: నీలం రంగు, ఒక వైపు ఎమ్, ఇంకో వైపు 30. చూడ్డానికి ఆక్సీకోడోన్ అనే నొప్పి మాత్రే.

ఇప్పుడు పూస ఎంత బలమైనదో చూద్దాం. ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టర్లు ఫెంటానిల్‌ని మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. మిల్లీగ్రాములో వెయ్యో వంతు అన్నమాట. ఒకసారికి 50 నుంచి 100 మైక్రోగ్రాములు ఇవ్వడం మామూలు, అదీ ఆక్సిజన్ పక్కన పెట్టుకుని, ఊపిరిని కనిపెట్టుకుంటూ. అలవాటు లేని మనిషికి 2 మిల్లీగ్రాములు ప్రాణాంతకం కావచ్చంటారు. పెన్సిల్ మొన మీద నిలిచేంత పొడి అది. ఇదేమీ గట్టి గీత కాదు, కొందరికి అంతకన్నా తక్కువే చాలు. మాత్ర బరువు సుమారు 100 మిల్లీగ్రాములనుకుంటే, అందులో యాభయ్యో వంతు! రంగు, రుచి, వాసన ఏదీ దాన్ని పట్టించదు.

అమెరికా మాదకద్రవ్య నిరోధక సంస్థ డీఈఏ 2024లో పరీక్షించిన ఫెంటానిల్ మాత్రల్లో పదింటికి ఐదింట్లో ప్రాణం తీయగల మోతాదు ఉంది. నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ మిగతా ఐదు. నిన్న ఏమీ కాలేదన్న మనిషికి దొరికింది పూసలు తక్కువ పడ్డ గ్లాసు. దాన్ని చూసి పక్క గ్లాసుని నమ్ముతున్నాడు. సగం మాత్ర సంగతీ అంతే. పూసలన్నీ ఒక మూలకే చేరితే, మనం విరిచి నోట్లో వేసుకున్నది ఆ మూలే కావచ్చు.

సంగీతకారుడు ప్రిన్స్ సంగతి చూడండి. 2016 ఏప్రిల్‌లో విమానంలో స్పృహ తప్పితే దారిలో దింపి, విరుగుడు నలొక్సోన్ ఇచ్చి బతికించారు. ఆరు రోజులకు, 21న, మినెసోటాలోని తన ఇంట్లో చనిపోయాడు. ఆయన వేసుకున్నది వైకోడిన్ అనే నొప్పి మాత్ర అనుకున్నాడు, అది ఫెంటానిల్ ఉన్న నకిలీ అని ఆయనకు తెలుసనడానికి ఆధారం లేదని రెండేళ్ల దర్యాప్తు తర్వాత ప్రాసిక్యూటర్ చెప్పారు. మామూలు నొప్పి మాత్రల సీసాలో కూడా అలాంటి నకిలీలు దొరికాయి.

ఇంతకీ ప్రాణం ఎలా పోతుంది? ఊపిరి తీసుకోమని మనకెవరూ గుర్తు చేయరు, మెదడు అడుగు భాగం ఆ పని చూసుకుంటుంది. ఫెంటానిల్ కొవ్వులో ఇట్టే కరుగుతుంది కాబట్టి మెదడులోకి త్వరగా చేరి, ఆ భాగాన్ని నిద్రపుచ్చుతుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటున్నా మెదడు పట్టించుకోదు. ఉక్కిరిబిక్కిరి కాదు, పెనుగులాట ఉండదు. పక్కవాళ్లు గురక పెట్టి నిద్రపోతున్నాడనుకుంటారు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఫెంటానిల్ ఉందో లేదో చూపే టెస్ట్ స్ట్రిప్‌తో మాత్ర అంచు గీకి చూసి, లేదని తేలిందంటే, ఆ గీకిన చోట పూస లేదనే అర్థం. ఫెంటానిల్‌ని పోలిన కొన్ని మందుల్ని స్ట్రిప్ అసలే పట్టలేదు.

గుర్తులు: సూదిమొనంత కంటిపాపలు, నీలం తిరిగిన పెదవులు, గురగురమనే ఊపిరి, తట్టినా లేవకపోవడం. వెంటనే అత్యవసర నంబరుకి, అమెరికాలో అయితే 911కి, ఫోన్ చేయండి, ముక్కులో నలొక్సోన్ స్ప్రే కొట్టండి, ఊపిరి లేకపోతే నోటితో ఊదండి. రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే ఇంకో డోసు. లేచి కూర్చున్నా వదిలి వెళ్లకండి: నలొక్సోన్ 30 నుంచి 90 నిమిషాలే పనిచేస్తుంది, ఫెంటానిల్ ఒంట్లో ఇంకా ఉంటే ఊపిరి మళ్లీ ఆగొచ్చు.