మూడో సిలిండర్ పడిపోయిందా? ఆగండి, బోరు జోలికి పోవద్దు!

"అన్నా, ఒకటి, రెండు, నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ 165 పీఎస్ఐ వస్తోంది, మూడోదాంట్లో 90. బోరు పోయింది, ఇంజన్ దించాలంటున్నారు. దించమంటారా?" ఇదీ ఉప్పల్ తమ్ముడి మెసేజ్.

దించొద్దు! కంప్రెషన్ గేజ్ గాలి పోతోందని చెబుతుంది గానీ, ఎటు పోతోందో చెప్పదు. కంప్రెషన్ పడిపోతే బోరు పోయినట్టేనని పోయిన వీడియో కింద నన్ను తిట్టినవాళ్లకీ ఇదే జవాబు.

బండి మన షెడ్డుకే తెప్పించా. గ్యాస్ కిట్ ఉన్న బండి. అది చూడగానే నా అనుమానం ఎగ్జాస్ట్ వాల్వ్ మీదికి పోయింది. ముందు అతని లెక్క సరిచూశాం. ఇంజన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, పెట్రోల్ పంపు ఫ్యూజు పీకి, కాయిల్ కనెక్టర్లు ఊడదీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఐదారు దెబ్బలు పడేదాకా సెల్ఫ్ కొట్టాం. థ్రాటిల్ మూసి కొడితే గాలి లోపలికే రాదు, మంచి ఇంజన్ కూడా పోయినట్టే కనిపిస్తుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నా అంతే.

అన్నట్టు మన హైదరాబాద్ సముద్రానికి 500 మీటర్ల పైనే ఉంది. ముంబైలో వచ్చే రీడింగ్ కన్నా ఇక్కడ ఐదారు శాతం తగ్గితే కంగారొద్దు. కానీ 165 పక్కన 90 రావడం ఎత్తు వల్ల కాదు కదా!

ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టాం. రింగులు అరిగితే ఆ నూనె సందు మూసేసి రీడింగ్ బాగా పైకి లేవాలి. ఇక్కడ 95 దగ్గరే ఆగింది!

ఇప్పుడు లీక్‌డౌన్ పరీక్ష, అంటే సిలిండర్‌లోకి బయటినుంచి గాలి పెట్టి ఎంత, ఎటు పోతోందో చూడటం. మూడో పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోక్‌లో సరిగ్గా పైకి తెచ్చాం, అక్కడ రెండు వైపుల వాల్వులూ మూసుకుని ఉండాలి. టాప్ గేర్ వేసి హ్యాండ్‌బ్రేక్ లాగాం. లేకపోతే గాలి పిస్టన్‌ని కిందికి తోసేస్తుంది, క్రాంక్ మీద స్పానర్ మర్చిపోయారంటే చెయ్యి విరుగుతుంది. 100 పీఎస్ఐ గాలి పెడితే రెండో గేజ్‌లో నిలిచింది 45. అంటే 55 శాతం లీకు. పక్క సిలిండర్‌లో లీకు 9 శాతమే.

ఇక చెవి పెట్టాలి. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు, థ్రాటిల్ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. మనకి సైలెన్సర్ గొట్టంలోంచి వచ్చింది, బుస్సుమని! అంటే ఎగ్జాస్ట్ వాల్వే.

ఆ వాల్వ్ మూసుకున్నప్పుడు దాని పైన ఉండాల్సిన సందు, అదే ట్యాపెట్ గ్యాప్, కొలిస్తే సున్నా. గ్యాస్ మీద నడిచే బండ్లలో వాల్వ్ సీటు త్వరగా అరుగుతుంది, వాల్వ్ లోపలికి కూరుకుని గ్యాప్ మింగేస్తుంది. అప్పుడది పూర్తిగా మూసుకోక అంచు కాలుతుంది. హెడ్ మాత్రం దించి చూశాం. వాల్వ్ అంచు ఒకచోట కొరికినట్టు కాలిపోయింది. ఇక పోయిందన్న ఆ బోరులో ఫ్యాక్టరీ వాళ్లు గీసిన అడ్డగీతలు ఇంకా మెరుస్తున్నాయి, అంటే అది అరగనే లేదు!