జంప్ గేమ్‌లో అసలు దూకనే అక్కర్లేదు

ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. "సార్, గ్రీడీ అంటే ప్రతిసారీ వీలైనంత దూరం దూకడమే కదా? మరి నా కోడ్ ఎందుకు ఫెయిలవుతోంది?" దూకావు కాబట్టే ఫెయిలైంది నాయనా! ఈ వీడియోలో ఆ ఒక్క అపోహ వదిలించేద్దాం.

లెక్క మీకు తెలిసిందే. అర్రేలో ప్రతి ఇండెక్స్ దగ్గర ఒక సంఖ్య ఉంటుంది, అక్కడి నుంచి గరిష్ఠంగా అన్ని గడులు ముందుకు దూకొచ్చు. సున్నా నుంచి మొదలుపెట్టి చివరి ఇండెక్స్‌కు చేరగలమా లేదా, అంతే.

[స్క్రీన్ మీద అర్రే]

```
ఇండెక్స్ : 0  1  2  3  4  5  6
విలువ   : 3  4  1  0  0  2  0
```

ముందు అందరూ చేసే తప్పే చేద్దాం. ఇండెక్స్ 0 దగ్గర 3 ఉంది. వీలైనంత దూరం దూకితే ఇండెక్స్ 3లో పడతాం. అక్కడ ఏముంది? సున్నా. ఇరుక్కుపోయాం. దాంతో జవాబు False అని రాసేస్తారు. కానీ ఒక్క గడి మాత్రమే దూకి ఇండెక్స్ 1కి వెళ్లండి. అక్కడ 4 ఉంది, నేరుగా 5కి వెళ్లొచ్చు. 5లో 2 ఉంది, 6 చేతికి అందినట్టే. జవాబు True.

మరి ఎక్కడ ఎంత దూకాలో ముందే ఎలా తెలుస్తుంది? తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు. ఇక్కడ అడిగింది దారి కాదు, చేరగలమా లేదా అన్నది మాత్రమే.

ఇప్పుడు దూకడం మర్చిపోండి. చిమ్మచీకట్లో ఒక పొడవాటి వరండా ఊహించుకోండి. నేల మీద వరసగా గడులు, ప్రతి గడిలో ఒక దీపం. విలువ 3 ఉంటే, ఆ దీపం వెలిగించాక ముందున్న మూడు గడుల మీద వెలుగు పడుతుంది. రెండే నియమాలు. వెలుగు పడిన గడిలోనే కాలు పెట్టాలి. కాలు పెట్టిన గడిలోని దీపాన్నే వెలిగించాలి.

మీరు దూకడం లేదు, ఒక్కో గడే నడుస్తున్నారు. ప్రతి గడిలో దీపం వెలిగించుకుంటూ, వెలుగు అంచు ఎక్కడి దాకా వెళ్లిందో చూసుకుంటున్నారు. ఆ అంచు పేరే `far`.

మన అర్రేలో నడుద్దాం. గడి 0లో వెలిగించాం, అంచు 3 దగ్గరికి వెళ్లింది. గడి 1కి వచ్చాం, 1 ప్లస్ 4, అంచు 5కి జరిగింది. గడి 2లో 1 ఉంది, దాని వెలుగు 3 దాకానే. అంచు వెనక్కి వస్తుందా? రాదు, ఇందాక వెలిగించిన దీపాన్ని ఎవరూ ఆర్పలేదుగా. అంచు 5లోనే ఉంటుంది. గడి 3, గడి 4 రెండూ సున్నాలు, కొత్త వెలుగు లేదు. అయినా అవి పాత వెలుగులోనే ఉన్నాయి కాబట్టి హాయిగా దాటేస్తాం. గడి 5లో 5 ప్లస్ 2, అంచు 7. చివరి గడి 6 వెలుగులోకి వచ్చేసింది.

సున్నా కనబడగానే టెన్షన్ పడేవాళ్ల కోసం ఒక మాట. సున్నా ఉన్నంత మాత్రాన ఏమీ కాదు. సున్నా దగ్గరికి వచ్చేసరికి అంచు కూడా సరిగ్గా అక్కడే ఆగి ఉండి, చివరి గడి ఇంకా ముందుంటేనే ప్రమాదం.

ఇదంతా కోడ్‌లో ఇంతే:

```python
def can_reach(a):
    far = 0
    for i in range(len(a)):
        if i > far:
            return False
        far = max(far, i + a[i])
    return True
```

ఒకే లూప్, ఒకే వేరియబుల్. దూకే లైన్ ఒక్కటి కూడా లేదు, గమనించారా?

ఇక్కడ తెలివైనవాళ్లకు ఒక అనుమానం రావాలి. రాకపోతే నేనే తెప్పిస్తాను. వరండాలో నడవడం వేరు, నిజంగా దూకడం వేరు కదా? అంచు లోపల ఉన్న ప్రతి గడికీ దూకుళ్లతో నిజంగానే చేరగలమని గ్యారంటీ ఏమిటి?

అసలు కీలకం ప్రశ్నలోని "గరిష్ఠంగా" అనే మాటలో ఉంది. విలువ 4 అంటే ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎన్నైనా దూకొచ్చు. అంటే దీపం వెలుగు మధ్యలో ఖాళీ లేకుండా పరుచుకుంటుంది. మనం చేరిన గడి i వల్ల అంచు `i + a[i]`కి జరిగిందంటే, ఆ మధ్యలోని ప్రతి గడికీ i నుంచి ఒక్క దూకుడే. i కంటే వెనకున్నవి అప్పటికే చేరగలిగినవి. కాబట్టి వెలుగులో ఉన్నదంతా చేరగలిగినదే, ఒక్క సంఖ్య గుర్తుపెట్టుకుంటే చాలు.

అదే "సరిగ్గా అన్ని గడులే దూకాలి" అని ప్రశ్న మారిస్తే? దీపం దగ్గర వెలుగు పడదు, నాలుగో గడి మీద మాత్రం చుక్కలా పడుతుంది. మధ్యలో చీకటి. అప్పుడు అంచు ఒక్కటీ తెలిస్తే లాభం లేదు, ఈ పద్ధతి పనిచేయదు. ప్రశ్నలో ఆ ఒక్క పదం చదవకుండా కోడ్ మొదలుపెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక కోడ్‌లో దొర్లే తప్పులు రెండు. మొదటిది `if i > far` వదిలేసి, చివర్లో `far` సరిపోయిందా అని మాత్రమే చూడడం. `[1, 0, 5, 0]` ఇచ్చి చూడండి. గడి 0 వల్ల అంచు 1. గడి 1లో సున్నా, అంచు అక్కడే. గడి 2 చీకట్లో ఉంది, మీరు అక్కడికి వెళ్లనే లేరు. కానీ లూప్ వెళ్లిపోతుంది, 2 ప్లస్ 5 కలిపి అంచును 7 చేసేస్తుంది, True అంటుంది. చీకట్లో ఉన్న దీపం దానంతటదే వెలిగిందన్నమాట! రెండోది `max` లేకుండా `far = i + a[i]` అని రాయడం. మన మొదటి అర్రేలో గడి 2 దగ్గర అంచు 5 నుంచి 3కి పడిపోతుంది, గడి 4 దగ్గర తప్పుగా False వస్తుంది. ఈ రెండు అర్రేలూ మీ కోడ్‌కి ఇచ్చి చూస్తే ఏ తప్పు చేశారో వెంటనే తెలుస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ప్రతి గడి నుంచి చేరే గడులన్నీ మార్క్ చేసుకుంటూ డీపీ రాసినా జవాబు సరిగ్గానే వస్తుంది. కాకపోతే లక్ష గడులుండి విలువలన్నీ పెద్దవైతే దాదాపు 500 కోట్ల మార్కులు పెట్టాలి, ఇక్కడ లక్ష అడుగులు చాలు. ఒకే గడి ఉన్న `[0]`కి జవాబు True, ఎందుకంటే మొదలే చివర. వెనక్కి దూకొచ్చని చెప్పినా జవాబు మారదు, వెనకున్నదంతా అప్పటికే వెలుగులో ఉంది.

కనీసం ఎన్ని దూకుళ్లు కావాలని అడిగితే ఇంకో అంచు కావాలి. ఇప్పటి దూకుడుతో చేరగల చివరి గడి అది. నడుస్తూ నడుస్తూ దాన్ని తాకినప్పుడల్లా లెక్క ఒకటి పెంచి, దాన్ని `far` దగ్గరికి జరపండి. మన అర్రేకి 0, 3, 5 దగ్గర తాకుతుంది, జవాబు 3. ఆ లూప్ మాత్రం చివరి గడికి ఒకటి ముందే ఆపండి, లేకపోతే కొన్ని అర్రేలకు ఒక దూకుడు ఎక్కువ వస్తుంది. ఎలాంటి అర్రేలకో మీరే రాసి చూడండి.