చూపు బాగున్నా రెటీనా అంచులు చూడాల్సిందే

అందరికీ నమస్కారం.

సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లను కంటి పరీక్షకు రమ్మంటే, "నాకు బాగానే కనిపిస్తోంది కదా" అంటారు. నిజమే, చార్టులో చివరి వరుస దాకా చదివేస్తారు. కానీ చార్టుతో తెలిసేది కంటి వెనక వెలుగును పట్టే పొర అయిన రెటీనా నడిమధ్య ఉన్న చిన్న భాగం సంగతే. ఈ జబ్బులో రక్తనాళాలు ముందుగా మూసుకుపోయేది అంచుల్లో, ఎక్కువగా కణత వైపు.

అక్కడి నాళాలు చాలా సన్నవి. ఆక్సిజన్ తగ్గినప్పుడు కొడవలి ఆకారంలోకి మారి బిరుసెక్కిన ఎర్ర కణాలు వాటిలో ఇరుక్కుంటాయి. ఆ చోటు దాటి ముందుకు రక్తం అందదు. నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. రక్తం అందని రెటీనా కొత్త నాళాలను పెంచే రసాయనాలను విడుదల చేస్తుంది. అప్పుడు మూసుకుపోయిన చోటుకు సరిహద్దులో విసనకర్రలా విచ్చుకున్న నాళాల గుత్తి పుడుతుంది. దీన్ని సీ ఫ్యాన్ అంటాం. దాని గోడలు బలహీనం. కంటి లోపలి జెల్లీ లాగితే చిట్లి రక్తం కారుతుంది. అక్కడ పొరలు కట్టి లాగితే రెటీనా ఊడిపోవచ్చు కూడా.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 26 ఏళ్ల అమ్మాయి, రక్తపరీక్షలో ఒక సికిల్ జన్యువు, ఒక హిమోగ్లోబిన్ సీ జన్యువు ఉన్న ఎస్‌సీ రకం. నొప్పుల ఎటాక్‌లు అరుదు, ఆస్పత్రిలో చేరిన సందర్భాలు తక్కువ. తనది తేలిక రకమనే ధీమాతో ఉంది. కంటి విషయంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. సీ ఫ్యాన్‌లు రెండూ సికిల్ జన్యువులే ఉన్న ఎస్‌ఎస్ రకంలో కంటే ఎస్‌సీలోనే ఎక్కువ. ఎస్‌సీలో రక్తహీనత తక్కువ కాబట్టి రక్తం చిక్కగా ఉంటుందని, అదొక కారణమని భావిస్తున్నారు. ఆమె చూపు 6/6. కంటి వెనక భాగాన్ని తీసే మామూలు ఫండస్ ఫొటోలో మధ్య భాగమే పడింది కాబట్టి అంతా నార్మల్‌గా కనిపించింది. చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక అంచుల దాకా చూస్తే కణత వైపు చిన్న సీ ఫ్యాన్ బయటపడింది. డై ఎక్కించి తీసిన యాంజియోగ్రఫీలో అది లీకవుతూ కనిపించింది, దాని అవతల నాళాలే లేవు.

అయితే సీ ఫ్యాన్ కనిపించగానే ప్రతిసారీ లేజర్ చేయరు. కొన్ని తమంతట తామే మూసుకుని ఎండిపోతాయి. పరిమాణం, పైకి లేచిందా లేదా, ఇదివరకు రక్తం కారిందా, రెండో కన్ను ఎలా ఉంది అన్నవి చూసి నిర్ణయిస్తారు. ఒక్కసారి చూస్తే అది ఎటు వెళ్తోందో తెలియదు. మళ్లీ మళ్లీ చూడమనడానికి నాకు తెలిసిన గట్టి కారణం ఇదే.

పిల్లలకు 10 ఏళ్ల నుంచి ఈ పరీక్ష మొదలుపెట్టాలి. అంతా బాగుంటే ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, మార్పులుంటే డాక్టర్ చెప్పినంత త్వరగా. ఈలోగా కళ్ల ముందు నల్లటి చుక్కలు, పోగులు ఒక్కసారిగా కనిపించినా, తెర దిగినట్టున్నా ఆ రోజే రావాలి. లేజర్ చేశాక కూడా పరీక్షలు ఆపకండి. లేజర్ రక్తస్రావం ముప్పును తగ్గిస్తుంది కానీ మూసుకున్న నాళాలను తెరవలేదు. కొత్త చోట్ల నాళాలు మూసుకోవడం ఆ తర్వాతా జరగవచ్చు.