ఉద్యోగం ఇస్తామన్నవాళ్లు మనల్నే డబ్బు అడిగితే

ప్రిన్సిపల్ మేడమ్‌గారికి, తోటి లెక్చరర్లకు నమస్కారం. పిల్లలూ, చదువుకుంటూ పార్ట్‌టైమ్ ఉద్యోగం ఎలా చేసుకోవాలో మీకు చెప్పమన్నారు. టైంటేబుల్ గురించి చివర్లో చెప్తాను. ముందు టెలిగ్రామ్ గురించి మాట్లాడాలి, ఎందుకంటే మన అబ్బాయి ఒకడు పరీక్ష ఫీజు డబ్బులు అందులో పోగొట్టుకుని, ఇంట్లో చెప్పలేక చాలా రోజులు తిండి మానేసి తిరిగాడు.

వాడు దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉంటాడు. ఇంట్లో కూర్చుని హోటళ్లకు రేటింగ్ ఇస్తే చాలు, ఒక్కోదానికి 150 ఇస్తామని మెసేజ్ వచ్చింది. మూడు ఇచ్చాడు, 450 నిజంగానే అకౌంట్లో పడ్డాయి. మనిషి నమ్మేది అక్కడే! తర్వాత గ్రూపులో చేర్చి, వెయ్యి కడితే 1,300 వస్తాయన్నారు, వచ్చాయి. ఆ తర్వాత 5,000 కట్టించుకుని, ఇది మూడు టాస్కుల సెట్టు, మిగతా రెండూ పూర్తి చేస్తేనే డబ్బు తీసుకోగలవన్నారు. రెండోదానికి 12,000 అడిగారు. గ్రూపులో మిగతావాళ్లంతా లాభం వచ్చినట్టు స్క్రీన్‌షాట్లు పెడుతున్నారు, వాళ్లూ ఆ మోసగాళ్ల మనుషులే. వాళ్ల యాప్‌లో కనిపించే బ్యాలెన్స్ ఒట్టి అంకె, దాన్ని బయటికి తీయాలంటే మళ్లీ ట్యాక్స్ కట్టమంటారు.

పని చేసేది మనం, జీతం ఇవ్వాల్సింది వాళ్లు. రిజిస్ట్రేషన్ అన్నా, డిపాజిట్ అన్నా, డబ్బు మన వైపు నుంచి వెళ్లాల్సి వస్తే అక్కడే ఆపేయండి.

ఇంతకన్నా ప్రమాదం ఇంకోటుంది, వినండి. పోయిన డబ్బు రాబట్టుకోవాలంటే నీ బ్యాంకు అకౌంటు, ఏటీఎం కార్డు, సిమ్ మాకివ్వు, కమిషన్ ఇస్తామన్నారు వాడితో. వాడు ఇవ్వలేదు, బతికిపోయాడు. ఇచ్చి ఉంటే ఇంకెవరి దగ్గరో కొట్టేసిన డబ్బు వాడి అకౌంట్లోంచి వెళ్లేది, పోలీసులు ముందు వాడి తలుపే తట్టేవాళ్లు.

డబ్బు పోతే ఆలస్యం చేయకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ సొమ్ము నిమిషాల్లో ఒక అకౌంట్లోంచి ఇంకో అకౌంట్లోకి మారిపోతుంది, త్వరగా చెప్తేనే ఎక్కడో ఒకచోట ఆపగలుగుతారు. యూపీఐ లావాదేవీ నంబరు, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి, సిగ్గుపడి డిలీట్ చేయకండి. cybercrime.gov.inలో కూడా ఫిర్యాదు చేయొచ్చు.

ఇక టైంటేబుల్. వాడికి తర్వాత హైటెక్ సిటీలో ఒక షోరూంలో సాయంత్రం పని దొరికింది. అమీర్‌పేటలో మెట్రో మారి వెళ్లాలి, రానూపోనూ రెండు గంటలు దారికే పోతాయి, షాపు కట్టేసేసరికి రాత్రి పది. మర్నాడు మొదటి పీరియడ్‌కి లేవగలడా? హాజరు 75 శాతం కన్నా తగ్గితే పరీక్షకే కూర్చోనివ్వరు. అలాంటి పని వేసవి సెలవుల్లో చేసుకోమన్నాను. ఇప్పుడు హాస్టల్ వెనక వీధిలో ఇద్దరు పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తున్నాడు, సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఆరు నుంచి ఏడున్నర. మిడ్ పరీక్షల వారం రానని, ఆ క్లాసులు ఆదివారాలు చెప్తానని చేరేముందే మాట్లాడుకున్నాడు.

మీలో ఎవరైనా ఇప్పటికే అకౌంటు ఎవరికైనా ఇచ్చి ఉంటే, ఇక్కడ చేతులెత్తొద్దు. మీటింగ్ అయ్యాక స్టాఫ్ రూమ్‌కి రండి, ఇవాళే బ్యాంకుకు వెళ్దాం.