షబే బరాత్ తేదీ ఎలా తేలుతుంది? – ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం, అస్సలాము అలైకుమ్. షబే బరాత్, అంటే షాబాన్ నెల పదిహేనో రాత్రి, తేదీ గురించి మీ సందేహాలకు మౌలానా గారు సమాధానాలిస్తారు. మొదటి కాల్ లైన్లో ఉంది. అమ్మా, చెప్పండి.

శ్రోత: సలాం మౌలానా సాబ్. మా చిన్నబ్బాయి టర్కీలో చదువుకుంటున్నాడండీ. 2024లో ఏమైందంటే, శనివారం రాత్రి ఫోన్ చేసి “అమ్మీ, ఈ రాత్రే షబే బరాత్, నమాజులో ఉన్నాను” అన్నాడు. మాకేమో ఆదివారం రాత్రి. ఒక్కటే టెన్షన్. మా ఆయన “వాడు చదువు ధ్యాసలో ఏదో పొరబడ్డాడులే” అన్నారు. మా ఆడపడుచేమో మనమే తప్పంటుంది. పైగా ఆ శనివారమే పున్నమి కూడానండీ, మేడ మీద చూశాను, నిండుగా ఉంది. అందరూ చూస్తున్న పున్నమి ఒకటే కదా, మరి మేం ఆదివారం ఎందుకు చేశాం?

మౌలానా: వ అలైకుమ్ సలాం అమ్మా. మీ అబ్బాయీ పొరబడలేదు, మీరూ పొరబడలేదు. ముందు పున్నమి సంగతి తేల్చుకుందాం. షబే బరాత్‌ను పున్నమిని బట్టి లెక్కపెట్టరు. షాబాన్ నెల ఒకటో తేదీ ఎప్పుడైందో చూసి, అక్కడి నుంచి పదిహేను లెక్కపెడతారు. అందుకే నేనెప్పుడూ చెప్పే మాట: పదిహేనో రాత్రి మేడెక్కి లాభం లేదు, షాబాన్‌కు ముందు నెల రజబ్, దాని 29 సాయంత్రం ఎక్కండి. ఆ సాయంత్రం సన్నటి నెలవంక కనబడితే మరుసటి రోజు షాబాన్ 1. కనబడకపోతే రజబ్‌కు 30 నింపి, ఆ తర్వాతి రోజు షాబాన్ 1. తేడా వస్తే అక్కడే వస్తుంది. రెండు వారాల తర్వాత అది మీకు షబే బరాత్ రాత్రి బయటపడుతుంది.

శ్రోత: అవునండీ, కానీ పున్నమి శనివారమే వచ్చింది కదా...

మౌలానా: వచ్చిందమ్మా, కాదనను. ఆ 2024 లెక్కే చెబుతా వినండి. అమావాస్య ఘడియ మన టైము ప్రకారం ఫిబ్రవరి 10 తెల్లవారుజామున, సుమారు నాలుగున్నరకు. ఆ సాయంత్రం మన దేశంలో సూర్యుడు అస్తమించేసరికి చంద్రుడి వయసు 14 గంటలు, కాస్త అటూ ఇటూ. అంత లేత నెలవంక మామూలు కంటికి చిక్కడం చాలా కష్టం. మరుసటి సాయంత్రం, అంటే 11న, అది ఒకటిన్నర రోజులు దాటింది, ఎవరికైనా కనబడుతుంది. కాబట్టి మన దగ్గర షాబాన్ 1 ఫిబ్రవరి 12న మొదలైంది. పద్నాలుగో తేదీ 25, ఆదివారం. మన తేదీ సూర్యాస్తమయంతో మారుతుంది కాబట్టి ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు వేళతో పదిహేనో రాత్రి వచ్చింది.

శ్రోత: మరి వాళ్లకు చంద్రుడు ముందే కనబడ్డాడా?

మౌలానా: మంచి ప్రశ్న. వాళ్లు కళ్లతో చూసేదాకా ఆగరు. టర్కీలో ధార్మిక వ్యవహారాల శాఖ ముందుగానే గణితం కట్టి ఏడాది క్యాలెండర్ అచ్చు వేస్తుంది. ఆ సాయంత్రం ప్రపంచంలో ఎక్కడో ఒకచోట కనబడేంత ఎత్తులో, సూర్యుడి నుంచి తగినంత దూరంలో చంద్రుడు ఉంటాడా అని చూస్తారు. పడమరకు పోయేకొద్దీ సూర్యాస్తమయం ఆలస్యం కాబట్టి అక్కడికి చంద్రుడి వయసు పెరుగుతుంది. 10వ తేదీ ఆ లెక్క కుదిరింది, వాళ్లకు 11వ తేదీ షాబాన్ 1 అయింది. పద్నాలుగో రోజు 24, శనివారం. సౌదీ వాళ్ల ఉమ్ముల్ ఖురా క్యాలెండర్ నియమం ఇంకా వేరు. మక్కాలో సూర్యాస్తమయానికి ముందే అమావాస్య ఘడియ దాటాలి, సూర్యుడి తర్వాత చంద్రుడు అస్తమించాలి. కంటికి ఆనాలన్న షరతు అందులో లేదు. వాళ్లకూ 11వ తేదీయే వచ్చింది.

శ్రోత: అయితే సౌదీ తేదీకి ఒకరోజు కలుపుకుంటే మనది వచ్చేస్తుందన్నమాట!

మౌలానా: వద్దమ్మా, వద్దు! ఈ ఒకరోజు కలిపే లెక్కతోనే జనం బోల్తా పడుతున్నారు. 2025 చూడండి. టర్కీలోనూ, మన దగ్గరా షబే బరాత్ ఫిబ్రవరి 13 రాత్రే. తేడా లేదు. మన పక్కనే ఉన్న బంగ్లాదేశ్‌లో మాత్రం 14 రాత్రి. తర్వాత రంజాన్ టర్కీలో మార్చి 1న, మన దగ్గర 2న మొదలైంది. బంగ్లాదేశ్‌లో? అదీ 2నే. మన షాబాన్‌కు 30 రోజులు వచ్చాయి, వాళ్లకు 29తో సరిపోయింది. నెల ఏదైనా 29 లేదా 30, అంతకు మించదు. కాబట్టి ఒక నెల ఉన్న తేడా మరుసటి నెలలో లేకుండా పోవచ్చు, లేని తేడా పుట్టనూ వచ్చు. ప్రతి నెలా 29 సాయంత్రం మళ్లీ కొత్తగా చూసుకోవాల్సిందే.

శ్రోత: సరేనండీ. ఒక్క మాట, తప్పుగా అనుకోవద్దు. పున్నమి...

మౌలానా: (నవ్వుతూ) పున్నమి మిమ్మల్ని వదలడం లేదు! అమావాస్య నుంచి పున్నమికి పట్టే కాలం ఎప్పుడూ ఒకేలా ఉండదమ్మా. సుమారు 14 రోజుల నుంచి 15న్నర రోజుల దాకా మారుతుంది, చంద్రుడు ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా తిరుగుతాడు కాబట్టి. పైగా మన ఒకటో తేదీ అమావాస్యతో కాదు, నెలవంక కనబడిన సాయంత్రంతో మొదలవుతుంది. అందుకని పున్నమి మన పద్నాలుగో రాత్రి పడవచ్చు, పదిహేనో రాత్రి పడవచ్చు. మీరు చెప్పిన 2024లో ఫిబ్రవరి 24 సాయంత్రం ఆరు గంటలకు పున్నమి ఘడియ, అంటే మన పద్నాలుగో రాత్రి. ఆదివారం చంద్రుడిని చూసినా మీ కంటికి నిండుగానే ఉండి ఉంటాడు.

శ్రోత: నిజమేనండీ, ఆదివారమూ అలాగే ఉన్నాడు. మా ఆడపడుచుకు చెబుతాను.

వ్యాఖ్యాత: థ్యాంక్యూ అమ్మా. తర్వాతి కాల్. చెప్పండి సార్.

శ్రోత: సార్, నా ఫోన్ యాప్‌లో ఒక తేదీ, మసీదు బోర్డు మీద ఇంకో తేదీ ఉంటోంది. దేన్ని నమ్మాలి?

మౌలానా: బోర్డునే. చాలా యాప్‌లలో ముందే లెక్కగట్టిన క్యాలెండర్ ఉంటుంది. సెట్టింగ్స్‌లో హిజ్రీ తేదీని ఒకరోజు ముందుకో వెనక్కో జరుపుకునే వీలు ఉంటే జరుపుకోండి. కానీ అది ఆ నెలకే. వచ్చే నెల మళ్లీ చూసుకోవాలి, ఇందాక అమ్మగారికి చెప్పిందే. ఇంకొకటి, రాత్రి 12కి తేదీ మార్చే యాప్‌లతో జాగ్రత్త. మన తేదీ మగ్రిబ్‌కే మారుతుంది. సాయంత్రం ఏడింటికి “షాబాన్ 14” అని చూసి, పదిహేనో రాత్రి రేపు కదా అని నిద్రపోయినవాళ్లు నాకు తెలుసు.

శ్రోత: అంటే గోడ క్యాలెండర్లో కూడా...

మౌలానా: అక్కడా అదే చిక్కు. షబే బరాత్ పేరును కొన్నిటిలో రాత్రి వచ్చే తేదీ గడిలో వేస్తారు, కొన్నిటిలో మరుసటి పగలు గడిలో. మీ క్యాలెండర్ 15 షాబాన్ అని ఏ గడిలో వేసిందో చూడండి. దాని ముందు రోజు సాయంత్రం నుంచే రాత్రి. 15న ఉపవాసం ఉండేవాళ్లకు ఉపవాసం ఆ గడి రోజునే.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తర్వాతి కాల్.

శ్రోత: హలో... సార్, నేను విమానంలో దుబాయ్ నుంచి వస్తున్నా ఆ రోజు. అక్కడ అయిపోయింది, ఇక్కడ ఇంకా...

మౌలానా: దిగిన ఊరి తేదీ ప్రకారం నడవండి బాబూ. రెండు రాత్రులు దొరికితే ఎవరూ వద్దనరు.

వ్యాఖ్యాత: ఇంకో కాల్... హలో?

శ్రోత: సార్, అసలు ప్రపంచమంతా ఒకటే క్యాలెండర్ పెట్టుకుంటే...

(లైన్ కట్ అయింది)

వ్యాఖ్యాత: లైన్ పోయింది. మౌలానా గారూ, అర నిమిషం ఉంది.

మౌలానా: ఆయన ప్రశ్న చాలా పెద్దది, అర నిమిషంలో తేలదు. ఇస్తాంబుల్‌లో 1978లో దీని కోసమే సమావేశం జరిగింది, నియమాలు కూడా రాసుకున్నారు. టర్కీ వాటిమీదే నడుస్తోంది, చాలా దేశాలు ఇంకా కంటినే నమ్ముకున్నాయి. ఆయన మళ్లీ ఫోన్ చేస్తే వచ్చే వారం దీంతోనే మొదలుపెడదాం.

వ్యాఖ్యాత: నంబర్ అదే. ఉంటాం మరి.