ఎపిసోడ్ 63: బిల్లు మొత్తం కట్టినా స్కోరు ఎందుకు తగ్గింది?

కిశోర్: ఆన్ అయిందా? అయింది. అందరికీ నమస్తే. బెంగళూరు మారతహళ్లి నుంచి కిశోర్, ఎదురుగా బ్యాంకులో లోన్లు చూసే మా శ్రీలతక్క. హోమ్ లోన్ అప్లై చేసిన దగ్గర్నుంచి చెక్కు చేతికొచ్చేదాకా ఏమేం జరుగుతుందో మొత్తం చెప్తామని పోయిన వారం మాటిచ్చాం.

శ్రీలత: నువ్విచ్చావు. ఇన్వర్టర్ ఎపిసోడ్‌కి కూడా నువ్వే ఇచ్చావు.

కిశోర్: అదిప్పుడు ఎందుకులే అక్కా. (నవ్వులు) ముందు మా బామ్మర్ది సంగతి తేల్చు. కేఆర్ పురం అవతల ఫ్లాట్ చూసుకున్నాడు. జీతం బాగుంది, ఒక్క ఈఎంఐ కూడా లేదు, కార్డు బిల్లు ప్రతి నెలా పూర్తిగా కడతాడు. బ్యాంకులో సిబిల్ స్కోరు తీస్తే 740ల్లో ఉంది. అంతకు రెండు నెలల ముందు 780ల్లో ఉండేది. తప్పు చేయనోడికి శిక్షేంటి?

శ్రీలత: కార్డు లిమిట్ ఎంత? నెలకు ఎంత వాడతాడు?

కిశోర్: లిమిట్ లక్ష. ఈమధ్య కంపెనీ పని మీద ఊళ్లు తిరుగుతున్నాడు కదా, ప్రతి నెలా మొదటి వారంలోనే ఫ్లైటు, హోటలు అన్నీ వాడి కార్డు మీదే. బిల్లు 82 వేలు వస్తుంది. ఆఫీసు వాళ్లు డబ్బు వేసేస్తారు, వీడు కట్టేస్తాడు.

శ్రీలత: బిల్ డేట్?

కిశోర్: పదో తారీఖు. డ్యూ డేట్ 28. వీడు 27న కడతాడు.

శ్రీలత: ఇంకేం, దొరికింది. మీ వాడి దృష్టిలో నెల 27న ముగుస్తుంది, అప్పు సున్నా. కానీ 2025 జనవరి నుంచి రిజర్వ్ బ్యాంక్ రూలు ప్రకారం బ్యాంకులు నెలకు కనీసం రెండుసార్లు, 15వ తారీఖు నాటికి ఒకటి, నెలాఖరు నాటికి ఒకటి, మన లెక్కలు స్కోరు తయారుచేసే సిబిల్ లాంటి సంస్థలకు పంపాలి. పదిహేనున ఫోటో తీసినట్టు అనుకో. ఆ ఫోటోలో మీ వాడి కార్డు మీద 82 వేల బాకీ కనిపిస్తుంది. పన్నెండు రోజుల తర్వాత కట్టేస్తాడని ఆ ఫోటోకి తెలియదు.

కిశోర్: అంటే లక్షకు 82 వేలు, 82 శాతం వాడకం.

శ్రీలత: అవును. పైగా కొన్ని బ్యాంకులు ఆ రోజు బాకీ కాకుండా చివరి బిల్లులోని అంకెనే పంపుతాయి. అప్పుడు నెలాఖరు ఫోటోలోనూ అదే 82 వేలు. మీ వాడు సమయానికి కట్టాడన్నది వేరే గడిలో ఉంటుంది, అందులో వాడికి మచ్చ లేదు. దెబ్బ తగిలింది వాడకం గడిలో.

కిశోర్: మా ఓనర్‌కి పది నెలల అడ్వాన్స్ ఇచ్చానక్కా. ఆరేళ్లుగా అద్దె ఒక్క రోజు ఆలస్యం లేదు. ఆ గడి ఏ రిపోర్టులో ఉంది?

శ్రీలత: మొదలుపెట్టాడమ్మా.

కిశోర్: కాదు, అడుగుతున్నా. అంత డబ్బు వడ్డీ లేకుండా ఒకరి దగ్గర పెట్టినోడు నమ్మకస్తుడు కాదా?

శ్రీలత: నీ ఓనర్ లెక్కలు సిబిల్‌కి పంపడు కాబట్టి అక్కడ నువ్వు లేవు. ఇక్కడ గెలికితే ఎపిసోడ్ మొత్తం అడ్వాన్సే అవుతుంది. బామ్మర్ది దగ్గరికి రా. అంతకు ముందు 780 ఉండేదన్నావు. మరి అప్పుడు ఈ ప్రయాణాలు లేవా?

కిశోర్: ఉన్నాయి. అదే నాకూ అర్థం కాలేదు.

శ్రీలత: ఇంకో కార్డు ఏదైనా ఉండేదా?

కిశోర్: ఉండేది. లక్షన్నర లిమిట్ కార్డు. వాడట్లేదు కదా, ఏటా 499 ఫీజు దండగ అని మూయించేశాడు. నేనే మూయించెయ్ అన్నా.

శ్రీలత: శభాష్.

కిశోర్: ఏం? వాడని కార్డు ఎందుకు?

శ్రీలత: లెక్క చూడు. రెండు కార్డులున్నప్పుడు మొత్తం లిమిట్ రెండున్నర లక్షలు. 82 వేల బాకీ అంటే 33 శాతం లోపే. ఒకటి మూశాక లిమిట్ లక్ష, బాకీ అదే 82 వేలు. వాడు ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చు పెట్టలేదు, వాడకం మాత్రం 33 నుంచి 82కి ఎగిరింది.

కిశోర్: అంటే 499 మిగుల్చుకుని 40 పాయింట్లు పోగొట్టుకున్నాడా?

శ్రీలత: అంత ఖచ్చితంగా నేను చెప్పలేను, స్కోరు ఫార్ములా వాళ్లు బయటపెట్టరు. కానీ నువ్వు చెప్పిన వాటిలో మారింది అదొక్కటే. చాలా బ్యాంకుల్లో 750 అనేది ఒక గీత, అటుంటే ఒక వడ్డీ, ఇటుంటే ఇంకో వడ్డీ. మీ వాడు గీత దాటి ఇవతల పడ్డాడు.

కిశోర్: ఇది అన్యాయం అక్కా. కార్డు తక్కువ ఉంటే మంచోడు, ఎక్కువ ఉంటే రిస్కు అని కదా లోకం అనుకునేది? మీ బ్యాంకోళ్లకు మనం కార్డులు పట్టుకుని తిరగాలి, అంతే.

శ్రీలత: ఏయ్, మీ బ్యాంకోళ్లు అనకు. లక్ష ఇచ్చిన చోట 82 వేలు వాడేవాడికి రేపు ఉద్యోగం పోతే చేతిలో 18 వేల ఊపిరి ఉంటుంది. రెండున్నర లక్షలున్నవాడికి ఇంకా లక్షా 68 వేలు ఉంటుంది. అప్పిచ్చేవాడు చూసేది ఆ ఖాళీనే. మంచోడా చెడ్డోడా అన్న మాటే లేదు అక్కడ.

కిశోర్: ఆ లక్షా 68 వేలూ అప్పే కదా!

శ్రీలత: అప్పు కాదు, వాడని లిమిట్. మల్లేశ్వరం పార్కింగ్ దగ్గర కూడా ఇలాగే వాదించావు నువ్వు.

కిశోర్: అక్కడ నేనే కరెక్టు. సరే, నా పాయింటు విను. వాడని కార్డు ఒక గొయ్యి. దాన్ని మర్చిపోతాం, ఫీజు పడుతుంది, కట్టం. అప్పుడు ఇంకా పెద్ద దెబ్బ కదా?

శ్రీలత: (కాసేపు ఆగి) అది మాత్రం నిజం. దాంట్లో నేను నీ పక్షమే.

కిశోర్: ఏంటి, గొంతు మారింది?

శ్రీలత: నా టేబుల్ దగ్గరికి ఒక అబ్బాయి వచ్చాడు. కడప దగ్గరి పల్లె, ఇక్కడ వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. పెళ్లి కుదిరింది, ఇల్లు కొనాలి. మెయిన్ కార్డు తళతళలాడుతోంది. ఇంకో కార్డు ఉంది, రెండేళ్లుగా తాకలేదు. దాని మీద ఏడాది ఫీజు 499, 18 శాతం జీఎస్టీతో 588 రూపాయల 82 పైసలు పడింది. మెయిల్ పాత ఐడీకి, మెసేజ్ పాత నంబర్‌కి. జూన్ 5 డ్యూ డేట్.

కిశోర్: కట్టలేదు.

శ్రీలత: తెలిస్తేగా. డీపీడీ అంటాం, గడువు దాటిన రోజుల లెక్క. జూన్ గడిలో 25, జూలై గడిలో 56, ఆగస్టు గడిలో 87. సెప్టెంబర్ మొదటి వారానికి 90 దాటింది. దాటితే ఆ కార్డు బ్యాంకు పుస్తకాల్లో మొండి బాకీ. 588 రూపాయలకు, అబ్బా, మొండి బాకీ! లేటు ఫీజు, వడ్డీ కలిపి అప్పటికి పెరిగింది, అది వేరే. తెలిసిన రోజే మొత్తం కట్టాడు. కానీ ఆ గడులు చెరగవు. రిపోర్టులో 36 నెలల చరిత్ర కనిపిస్తుంది. నేను పైవాళ్లకు రాసి పంపాను, తిప్పి కొట్టారు. ఆ అబ్బాయి ముఖం చూడలేకపోయాను.

కిశోర్: ఎవరైనా కేవలం స్కోరు చూసి వదిలేయరా?

శ్రీలత: లోన్ రాసేవాడు స్కోరు తర్వాత ఆ గడులే చూస్తాడు. సమయానికి కట్టినట్టు "000" లు వరసగా ఉంటే కళ్లు జారిపోతాయి. మధ్యలో 56, 87 కనిపిస్తే అక్కడే ఆగుతాడు. ఎంత డబ్బు అన్నది తర్వాతి ప్రశ్న.

కిశోర్: వాడకం దెబ్బ కూడా అలాగే ఉంటుందా మరి, మూడేళ్లు?

శ్రీలత: తేడా అక్కడే. వాడకం ఎప్పటికప్పుడు మారేది. బాకీ తగ్గితే తర్వాతి రిపోర్టుల్లో మెల్లిగా స్కోరు తేరుకుంటుంది. గడువు తప్పింది మాత్రం గడిలో కూర్చుంటుంది. అందుకే మీ వాడి సమస్య నాకు చిన్నదనిపిస్తోంది. పదో తారీఖుకు ముందే, తొమ్మిదిన, 60 వేలు కట్టెయ్యమను. ఆఫీసు డబ్బు రాకపోతే చేతిలోది పెట్టమను. బిల్లు 22 వేలకు వస్తుంది, లిమిట్‌లో 22 శాతం. ఒకట్రెండు రిపోర్టులు పోయాక మళ్లీ బ్యాంకుకు వెళ్లమను.

కిశోర్: 30 శాతం దాటకూడదంటారు కదా, అది రూలా?

శ్రీలత: రూలు కాదు, మోటు లెక్క. 29కి స్వర్గం, 31కి నరకం ఉండవు. తగ్గితే మంచిది, అంతే.

కిశోర్: ఒక్క రోజు లేటైతే కూడా గడిలో పడుతుందా? నాకు జీతం ఒకటిన, డ్యూ డేట్ ముప్పై. గుండె దడ.

శ్రీలత: రిజర్వ్ బ్యాంక్ 2022 ఆదేశాలతో క్రెడిట్ కార్డుకు మూడు రోజుల వెసులుబాటు వచ్చింది. మూడు రోజులు దాటితేనే లేటు ఫీజు, రిపోర్టు. కానీ దాటాక లెక్క అసలు డ్యూ డేట్ నుంచే మొదలవుతుంది. దాని మీద ఆధారపడకు. ఇది కార్డుకే, ఈఎంఐకి కాదు.

కిశోర్: అద్దెకు మా ఓనర్ మూడు గంటలు కూడా ఇవ్వడు. (నవ్వులు) సరే, నేను మూయమన్న కార్డు ఉన్నా, లేకపోయినా, బామ్మర్దికి లోన్ మొత్తం తగ్గుతుందా?

శ్రీలత: అదింకో సంగతి. కొన్ని బ్యాంకులు కార్డు బాకీలో 5 శాతాన్ని నెలవారీ కిస్తీగా లెక్కేసుకుంటాయి. 82 వేలకు 4,100. ఇరవై ఏళ్లకు ఎనిమిదిన్నర శాతం వడ్డీ మీద లక్షకు కిస్తీ 868 దాకా వస్తుంది. 4,100ని దాంతో భాగిస్తే, దాదాపు 4 లక్షల 70 వేల లోన్ అర్హత పోయినట్టే.

కిశోర్: కట్టేసే డబ్బుకు నాలుగున్నర లక్షలా?! ఇది ముందే చెప్పాలి కదా అక్కా, అరగంట ఎటు పోయింది?

శ్రీలత: నీ అడ్వాన్స్‌లో పోయింది.

కిశోర్: అయినా కార్డు మూయొద్దంటే నేను ఒప్పుకోను. ఆ 588 అబ్బాయి మూసి ఉంటే ఏ గొడవా లేదు.

శ్రీలత: ఆటోపే పెట్టి ఉంచుకుంటే కూడా గొడవ లేదు. ఫీజు లేని కార్డుగా మార్చమని అడిగినా లేదు. లోన్ చేతికొచ్చాక మూసినా లేదు. లోన్‌కు వెళ్లే ముందు నెల మాత్రం ముట్టుకోవద్దన్నా.

కిశోర్: మూసిన కార్డు రిపోర్టులో ఉండదు కదా, కనీసం అదైనా…

శ్రీలత: ఉంటుంది! మూసినట్టు గుర్తుతో, పాత చరిత్రతో సహా ఉంటుంది. లిమిట్ ఒక్కటే పోతుంది. మూసేస్తే పాత లేటు చెరుగుతుందని కొందరు మూయిస్తారు, చెరగదు. మీ బామ్మర్ది రిపోర్టు తీశాడా అసలు?

కిశోర్: తీస్తే స్కోరు తగ్గుతుందని భయపడుతున్నాడు.

శ్రీలత: మన రిపోర్టు మనం చూసుకుంటే తగ్గదు. ఏటా ఒకటి ఉచితం, ఒక్కో సంస్థ దగ్గర ఒక్కోటి. అందులో 82 వేల బదులు ఇంకేదైనా తప్పు అంకె ఉంటే ఫిర్యాదు పెట్టాలి, 30 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే రోజుకు వంద చొప్పున…

కిశోర్: ఆగు, ఆగు. వంద ఎవరికి? మనకా?

శ్రీలత: మనకే.

కిశోర్: ఇదే మొదట చెప్పాల్సిన… ఆ వస్తున్నా! బయట తలుపు కొడుతున్నారక్కా, రూము వాళ్ల టైము అయిందట. హోమ్ లోన్ ఎలా శాంక్షన్ అవుతుందో…

శ్రీలత: మాటివ్వకు.

కిశోర్: ఇవ్వట్లేదు. మైకు ఆపెయ్.