ఆ ఉత్తరంలో నాలుగో లైను

అందరికీ నమస్కారం. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ నేను ఎన్ని ఉత్తరాలు రాశానో లెక్కలేదు. వాటిలో ఒక్కటి మాత్రం సరిగా రాయలేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఈ రోజు దాని గురించే చెబుతాను. పేర్లు చెప్పను, అంకెలు కూడా కొంచెం మార్చాను.

గుంటూరు దగ్గర మిర్చి ఎగుమతి చేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కరెంట్ ఖాతా కోసం మా బ్రాంచికి వచ్చింది. నేను రాసిన ఉత్తరంలో అడిగినవి మామూలువే. ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, కంపెనీ పెట్టినప్పుడు రాసుకునే మెమొరాండం, ఆర్టికల్స్. కంపెనీ పాన్. ఖాతా ఎవరు నడుపుతారో చెప్పే బోర్డు తీర్మానం. నాలుగో లైనులో "వాటాదారుల వివరాలు, బెనిఫిషియల్ ఓనర్ డిక్లరేషన్" అని రాశాను. అంతే, ఒక్క ముక్క వివరణ లేదు.

మూడు రోజుల్లో ఫైలు వచ్చింది. మొదటి మూడింటికీ వంక పెట్టడానికి లేదు. సర్టిఫికెట్ మీది సీఐఎన్, అంటే కంపెనీ గుర్తింపు నంబరు, కంపెనీల శాఖ సైట్లో కొట్టి చూశాను, కంపెనీ యాక్టివ్‌గానే ఉంది. నాలుగో లైనుకు జవాబుగా మెమొరాండం చివరి పేజీ జిరాక్సే పెట్టారు. అందులో భార్యాభర్తలిద్దరి పేర్లు, చెరి సగం వాటా.

ఆ పేజీ చెప్పేది కంపెనీ పుట్టిన రోజు సంగతి. తర్వాత వాటాలు ఎన్ని చేతులు మారినా మెమొరాండంలో ఆ పాత పేర్లే ఉంటాయి. ఇవాళ ఎవరి దగ్గర ఎంతుందో తెలియాలంటే కంపెనీ తన వాటాదారుల పేర్లు రాసుకునే సభ్యుల రిజిస్టర్ చూడాలి, లేదా కంపెనీల శాఖకు వేసిన చివరి వార్షిక రిటర్ను తీసుకుని, ఆ తర్వాత బదిలీలేమైనా జరిగాయా అని అడగాలి. అడిగితే అసలు లెక్క బయటికొచ్చింది. భర్తకు 46 శాతం, భార్యకు 9, మిగతా 45 ఇంకో కంపెనీకి.

ఆ ఇంకో కంపెనీ దగ్గర ఆగిపోతే కుదరదు. బెనిఫిషియల్ ఓనర్ అంటే కంపెనీ అసలు సొంతదారు, చివరికి అది ఒక మనిషే కావాలి. లోపలికి వెళ్తే ఆ కంపెనీలో భార్య అన్నగారికి 90 శాతం, ఆమెకు 10 ఉన్నాయి. ఇప్పుడు గుణించండి. 45లో 90 శాతం అంటే 40.5, అది అన్నగారిది. 45లో 10 శాతం అంటే 4.5, దానికి ఆమె సొంత 9 కలిపితే 13.5. హద్దు 10 శాతం. దానికి మించి వాటా ఎవరికుంటే వాళ్లను గుర్తించి, కాగితాలు తీసుకోవాలి. 2023 మార్చికి ముందు కంపెనీలకు ఈ హద్దు 25 ఉండేది. "నాది తొమ్మిదే కదండీ, నన్నెందుకు అడుగుతున్నారు?" అని ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కాగితం మీద ఈ లెక్క వేసి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు.

పెద్ద గొడవ అన్నగారి దగ్గర వచ్చింది. భర్త కోపంగా ఫోన్ చేశాడు. "మా బావమరిది డైరెక్టర్ కాదు, చెక్కు మీద సంతకం పెట్టడు, డల్లాస్‌లో ఉంటాడు. ఆయన పాస్‌పోర్టుతో మీకేం పని?" అన్నాడు. డైరెక్టర్ కంపెనీని నడిపేవాడు, ఓనర్ దాని లాభం చేరేవాడు. ఒకరే రెండూ కావాలని లేదు. మనీ లాండరింగ్ నిరోధక చట్టం కింద పెట్టిన నిబంధనలు వెతికేది ఆ రెండో మనిషినే. సంతకాలు పెట్టేవాళ్లు ఎలాగూ బోర్డు తీర్మానంలోనే కనిపిస్తారు కదా.

ఆయన రానక్కర్లేదని చెప్పాను. విదేశంలో ఉన్న మనవాళ్లు పాస్‌పోర్టు కాపీని అక్కడి నోటరీ చేతో, మన కాన్సులేట్ చేతో ధ్రువీకరింపజేసి పంపొచ్చు. ఆయన నోటరీ దగ్గరికి వెళ్లాడు. కాపీ పోస్టులో వచ్చేసరికి దాదాపు నెల పట్టింది. సీజన్ మధ్యలో ఆ నెల వాళ్లకు ఎంత టెన్షనో నాకు తెలుసు. ఆలస్యంలో నా వాటా కూడా తక్కువేం కాదు.

అన్నట్టు, కొత్త కంపెనీలు పెట్టేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. కొన్ని బ్రాంచీలు ఐఎన్‌సీ-20ఏ ఫారం తెస్తేనే ఖాతా తెరుస్తామంటాయి. వాటా డబ్బు కంపెనీకి చేరిందని చెప్పే ఫారం అది, రిజిస్టరైన 180 రోజుల్లోపు వేయాలి. డబ్బు చేరడానికి ముందు ఖాతా ఉండాలిగా! ఆ మాట మర్యాదగా మేనేజరుకు చెప్పండి.

ఆ తర్వాత నేను నాలుగో లైను మార్చి రాయడం మొదలుపెట్టాను. "ఈ రోజుకు మీ కంపెనీ వాటాలు ఎవరెవరి పేరున ఎంతెంత ఉన్నాయో రాసి పంపండి. వాటాదారు ఇంకో కంపెనీ అయితే దాని వాటాదారుల పేర్లు కూడా రాయండి, చివరికి మనుషుల పేర్లు వచ్చేదాకా."